చైనా రైస్‌కుక్కర్ బటన్లకు తెలుగు పేర్లు: తిరుపతి వంటింటి ప్రాజెక్టు డైరీ

మా బావమరిది శ్రీసిటీలోని ఒక కర్మాగారంలో పనిచేస్తున్నాడు. అక్కడి చైనా ఇంజనీరు ఒకరు ఒప్పందం ముగిసి స్వదేశానికి వెళ్తూ తన రైస్‌కుక్కరును ఇతనికి ఇచ్చి వెళ్లారు, ఇతను దానిని తిరుపతిలోని మా ఇంటికి చేర్చాడు. వాడకపు పుస్తకం దానితో రాలేదు. మా ఇంట్లో తెలుగు, ఇంగ్లీషు, కొంత తమిళం చదవగలము, కానీ ప్యానెల్ మీద ఈ మూడింటిలో ఒక్క అక్షరమూ లేదు. ఆరు దీపాల పక్కన ఆరు పేర్లు, కింద ఐదు స్పర్శ బటన్ల మీద ఐదు పేర్లు, మొత్తం పదకొండూ చైనీస్ లిపిలోనే ఉన్నాయి. ఇలాంటి కుక్కరే ఎదురైనవారు నేను చేసిన తప్పులను మళ్లీ చేయకుండా ఉండేందుకు ఈ డైరీని రాసి ఉంచుతున్నాను.

## దశ 1: కరెంటు పెట్టకముందు (1వ రోజు)

చదవగలిగినవి అంకెలు మాత్రమే. కుక్కరు అడుగున అతికించిన రేకు మీద `220V~ 50Hz 860W 4L` అని ఉంది. ఇది మా అదృష్టం. జపాన్ దేశపు కుక్కరయితే అక్కడ 100 వోల్టులని ఉండేది, దానిని మన సాకెట్టులో నేరుగా పెట్టి ఉంటే మొదటి నిమిషంలోనే కాలిపోయేది. కాబట్టి భాష ఏదైనా సరే ముందుగా చూడవలసింది ఈ రేకునే.

మన ఇళ్లలో వోల్టేజీ 220 కంటే ఎక్కువగా ఉంటుంది. ఆ రోజు మా సాకెట్టులో 236 వోల్టులు వచ్చింది. వేడిచేసే ప్లేటు తీసుకునే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, 236ను 220తో భాగించి వర్గం చేస్తే 1.15 వస్తుంది. అంటే 860 వాట్ల కుక్కరు మా ఇంట్లో సుమారు 990 వాట్లు లాగాలి. తరువాత మీటరులో 982 కనిపించినప్పుడు ఈ లెక్క సరైనదని తేలింది. రాత్రివేళ మా వీధిలో 245 దాటే రోజులూ ఉన్నాయి, ఆ సమయంలో దీనిని వాడకూడదని నియమం పెట్టుకున్నాను.

తరువాతి సమస్య తీగ. దానితో వచ్చిన ప్లగ్గుకు ఏటవాలు రేకుల్లాంటి పిన్నులున్నాయి, అవి మన సాకెట్టులో పట్టవు. అడాప్టరు పెట్టవచ్చు గానీ, నా దగ్గరున్నదానిలో ఎర్త్ పిన్నుకు లోపల కనెక్షనే లేదు. తడిచేతులతో ముట్టుకునే లోహపు వస్తువుకు అది తగదు. తీగ కుక్కరు నుంచి ఊడివచ్చే రకం కాబట్టి కంప్యూటరు తీగ పెట్టి చూశాను, అది లోపలికి దూరలేదు. టార్చి వేసి చూస్తే కుక్కరు సాకెట్టులో చిన్న గట్టు కనిపించింది. వేడిని తట్టుకోని తీగలు అందులో పట్టకుండా ఉండేందుకే ఆ గట్టును పెడతారు. ఆ గట్టుకు సరిపడే గాడి ఉన్న తీగ గాంధీ రోడ్డులోని ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికింది. నా మిత్రుడొకరు కంప్యూటరు తీగనే కత్తితో చెక్కి దూర్చుకోమని సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి.

కొన్న వస్తువులు:
1. గాడి ఉన్న తీగ: 220 రూపాయలు
2. సాకెట్టుకు, ప్లగ్గుకు మధ్య పెట్టే వాట్ల మీటరు: 850 రూపాయలు
3. సూది మొన ఉన్న వంట థర్మామీటరు: 350 రూపాయలు

ఇప్పటిదాకా: ఖర్చు 1,420 రూపాయలు. గుర్తించిన పేర్లు 0/11.

## దశ 2: కాగితం మీద అక్షరాల వర్గీకరణ (2వ రోజు)

ప్యానెల్ మీదున్నవన్నీ నోటుపుస్తకంలో పెద్దవిగా గీసుకున్నాను. దీపాల పక్కనున్న ఆరు పేర్లు ఇవి:

煮饭, 快煮, 煮粥, 煲汤, 蒸煮, 热饭

బటన్ల మీదున్న ఐదు పేర్లు ఇవి:

功能, 预约, 定时, 开始, 保温/取消

అర్థం తెలియకపోయినా ఏ బొమ్మ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించవచ్చు. 煮 అనేది నాలుగు దీపాల పక్కన ఉంది, కాబట్టి అది ‘వండు’ వంటి సాధారణమైన మాట అయి ఉండాలని అనుకున్నాను. 饭 రెండుచోట్ల ఉంది. ఇంకొంచెం దగ్గరగా చూస్తే 煮, 蒸, 热 మూడింటికీ అడుగున నాలుగు చిన్న చుక్కలు వరుసగా ఉన్నాయి. పొయ్యి కింద మంటల్లాగా కనిపించాయి గనుక వాటిని నిప్పు గుర్తుగా తీసుకున్నాను. 汤, 温, 消 అనే మూడింటికి ఎడమవైపున మూడు బిందువులున్నాయి, వాటిని నీటి గుర్తుగా తీసుకున్నాను.

ఈ రెండు ఊహలూ సరైనవేనని తరువాత తెలిసింది, అయినా రెండో ఊహ నన్ను తప్పుదారి పట్టించింది. చివరి బటన్ మీదున్న 温, 消 రెండింటిలోనూ నీటి బిందువులు ఉన్నందువల్ల ఆ బటన్ నీటికి సంబంధించినదని, బహుశా నీరు తక్కువైతే హెచ్చరించేదని నిర్ణయించుకున్నాను. అక్షరంలోని ఒక ముక్క దాని పుట్టుక ఎక్కడిదో చెప్పగలదు గానీ, ఈ రోజున ఆ మాట ఏ అర్థంలో వాడుకలో ఉందో చెప్పలేదు. ఆ బటన్‌ను ఆరు రోజులపాటు ముట్టుకోకుండా వదిలేశాను. అది కుక్కరును ఆపే బటన్ అని తెలియక, అన్నిసార్లూ గోడ స్విచ్చుతోనే ఆపుతూ వచ్చాను.

## దశ 3: మంచినీళ్లతో పరీక్ష, విఫలం (3వ రోజు)

బియ్యం వృథా చేయడం ఇష్టం లేక నీళ్లతో మొదలుపెట్టాను.

1. గిన్నెలో ఒక లీటరు నీళ్లు పోశాను.
2. 功能 నొక్కితే దీపం ఒకదాని నుంచి మరొకదానికి మారింది. అంటే అది ఎంపిక చేసే బటన్.
3. మొదటి దీపం వద్ద ఆపి 开始 నొక్కాను. టిక్కుమని చిన్న శబ్దం వచ్చింది, మీటరులో 982 వాట్లు కనిపించింది. అంటే అది మొదలుపెట్టే బటన్.

ఇంతవరకు సాఫీగానే సాగింది. నీళ్లు 19వ నిమిషంలో మరిగాయి. అరగంటలోనో ముప్పావు గంటలోనో దానంతట అదే ఆగుతుందని, ఆ సమయాన్ని రాసుకుంటే దీపాల మధ్య తేడా తెలిసిపోతుందని నా అంచనా. గంటా ఇరవై ఐదు నిమిషాలు గడిచినా అది మరుగుతూనే ఉంది. వంటిల్లంతా ఆవిరి నిండింది. చివరికి గోడ స్విచ్చుతో ఆపి నీళ్లను తూస్తే 410 గ్రాములు మిగిలాయి.

తప్పు యంత్రానిది కాదు. అన్నం వండే కుక్కరు గడియారాన్ని చూసి ఆగదు, అడుగున నీరు ఇంకిపోయిందని తెలిసినప్పుడే ఆగుతుంది. ప్లేటు మధ్యలో స్ప్రింగు మీద నిలిచిన ఒక బొడిపె గిన్నె అడుగును తాకుతూ ఉష్ణోగ్రతను గమనిస్తుంది. గిన్నెలో నీరున్నంతసేపు అడుగు 100 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది, బియ్యం ఆ నీటిని పీల్చుకున్న తరువాత అది పైకి ఎగబాకుతుంది. ఆ ఎగబాకడమే ఆగమని చెప్పే సంకేతం. మంచినీళ్లలో ఆ సంకేతం ఎప్పటికీ రాదు. కాబట్టి అన్నం దీపాలను నీళ్లతో పరీక్షించడం వల్ల ప్రయోజనం లేదు.

అయితే దీపం మార్చేటప్పుడు ఒక విషయం కళ్లబడింది, దాని విలువ ఆ రోజు నాకు తెలియలేదు. మొదటి రెండు దీపాల దగ్గర తెర మీద గీతలు మాత్రమే కదులుతున్నాయి. మిగిలిన నాలుగింటి దగ్గర 1:30, 2:00, 0:20, 0:25 అని సమయాలు కనిపించాయి. సమయం చూపేవి గడియారాన్ని బట్టి ఆగేవి, గీతలు చూపేవి అడుగు వేడిని బట్టి ఆగేవి. ఈ ఒక్క తేడాతో ఆరు దీపాలు రెండు గుంపులుగా విడిపోతాయి. దీనిని ముందే గమనించి ఉంటే గంటన్నర ఆవిరి తప్పేది.

ఇప్పటిదాకా: విద్యుత్తు 0.55 యూనిట్లు. బియ్యం 0 గ్రాములు. గుర్తించిన పేర్లు 2/11 (ఎంపిక, మొదలు).

## దశ 4: గిన్నె గోడ మీద దొరికిన తాళంచెవి (5వ రోజు)

ఈ ప్రాజెక్టులో మొదటిరోజే చేయవలసిన పని ఇది. నేను ఐదోరోజున చేశాను, అదీ అమ్మ వల్ల. ఆమె గిన్నెను తోముతూ లోపలి గోడ మీదున్న గీతలను వేలితో తడిమి, ఇవేమిటని నన్ను పిలిచింది.

గిన్నె లోపల రెండు నిలువు వరుసలున్నాయి. ఒక వరుస తలమీద 饭 అని, దాని కింద 2, 4, 6, 8 అంకెలు ఉన్నాయి. రెండో వరుస తలమీద 粥 అని, దాని కింద 0.5, 1, 1.5 అంకెలు ఉన్నాయి. ఈ రెండు అక్షరాలూ ప్యానెల్ మీద కూడా ఉన్నవే. మొదటిది మొదటి దీపం, ఆరో దీపాల పక్కన ఉంది, రెండోది మూడో దీపం పక్కన ఉంది.

కుక్కరుతో వచ్చిన చిన్న కప్పును నీళ్లతో నింపి తూస్తే 160 గ్రాములు వచ్చింది. గీతల ఎత్తును స్కేలుతో కొలిచాను. రెండో వరుసలోని 1 గీత, మొదటి వరుసలోని 6 గీత కంటే పైన ఉంది. ఒక కప్పు బియ్యానికి ఆరు కప్పుల బియ్యానికంటే ఎక్కువ నీళ్లు ఎందుకు కావాలో నాకు తోచలేదు. రెండో వరుస బహుశా వేరే ధాన్యానిదని అన్నాను.

అమ్మ గిన్నెను నా చేతిలోంచి తీసుకొని చూసింది. “ఒక గ్లాసు బియ్యానికి ఇన్ని నీళ్లు పోస్తే అది అన్నం అవుతుందా నాయనా? గంజి గదా,” అంది.

అంతటితో మూడో దీపం తేలిపోయింది. 粥 అంటే గంజి, 饭 అంటే అన్నం. వెనక్కి వెళ్లి 粥 అక్షరాన్ని మళ్లీ చూస్తే, నడుమ కూడిక గుర్తుకు నాలుగు మూలల్లో గీతలు వేసినట్టున్న ఒక బొమ్మ, దానికి రెండువైపులా మెలికలు తిరిగిన గోడల్లాంటి బొమ్మలు ఉన్నాయి. నడుమనున్న 米 అనే ముక్కకు చైనీసులో బియ్యమని అర్థం. బియ్యానికి రెండువైపులా గోడలు ఉన్న అక్షరం గంజి అని గుర్తు పెట్టుకోవడం మా ఇంట్లో అందరికీ సులువైంది.

ఈ తర్కంతో మొదటి దీపం 煮饭 ‘అన్నం వండు’ అవుతుంది, మూడోది 煮粥 ‘గంజి వండు’ అవుతుంది, ఆరోది 热饭 నిప్పు చుక్కలున్న అక్షరంతో మొదలవుతున్నందువల్ల ‘అన్నం వేడి చేయి’ అవుతుంది. రెండో దీపం 快煮 తెర మీద గీతలే చూపుతుంది కాబట్టి అదీ అన్నమే, అయితే మరో రకం అన్నం. ఆ రకం ఏమిటో తేల్చడానికి ఇక బియ్యం కావలసిందే.

ఇప్పటిదాకా: విద్యుత్తు 0.55 యూనిట్లు. గుర్తించిన పేర్లు 5/11.

## దశ 5: బియ్యంతో మూడు పరీక్షలు (6, 7, 8 రోజులు)

మూడింటిలోనూ ఒకే సంచిలోని పాత సోనామసూరి బియ్యాన్ని రెండు కప్పుల చొప్పున, అంటే 268 గ్రాములు వాడాను. నీళ్లు, దీపం తప్ప వేరే ఏదీ మార్చలేదు.

పరీక్ష 1. మొదటి దీపం, గిన్నెలోని 2 గీత వరకు నీళ్లు. ఆ నీళ్లు తూస్తే 400 గ్రాములే. 31 నిమిషాలకు ఆగింది. అన్నం పలుకుగా ఉండి, మెతుకు నడుమ తెల్లటి చుక్క మిగిలింది. గిన్నె గీతలు పొట్టిగా, జిగురుగా ఉండే వారి బియ్యం కోసం వేసినవి, మన పాత బియ్యానికి అవి చాలవు. విద్యుత్తు 0.17 యూనిట్లు.

పరీక్ష 2. అదే దీపం, గీతను పక్కన పెట్టి 560 గ్రాముల నీళ్లు. 38 నిమిషాలు పట్టింది, అన్నం చక్కగా విచ్చింది. విద్యుత్తు 0.20 యూనిట్లు. ఈసారి మీటరు ముందు కూర్చుని ప్రతి నిమిషమూ రాసుకున్నాను. మొదటి 12 నిమిషాలు ప్లేటు కొన్ని సెకన్లు వెలిగి, అంతకు ఎక్కువసేపు ఆరిపోతూ వచ్చింది. ఇది బియ్యాన్ని గోరువెచ్చని నీటిలో నానబెట్టే దశ. తరువాత 20వ నిమిషం వరకు పూర్తి శక్తితో వెలిగి మరిగింది. 33వ నిమిషంలో ప్లేటు పూర్తిగా ఆరిపోయింది. చివరి ఐదు నిమిషాలు ఉన్న ఆవిరితోనే మగ్గనిచ్చి కూత పెట్టింది.

పరీక్ష 3. రెండో దీపం, మళ్లీ 560 గ్రాములు. ఇక్కడ మొదటి 12 నిమిషాల నానబెట్టే దశ అసలు లేదు, మొదలుపెట్టిన క్షణం నుంచి మరిగేదాకా 980 వాట్లకు అటూ ఇటూగా నిలకడగా వెలిగింది. 27 నిమిషాలకు ముగిసింది. అన్నం తినదగినదే గానీ కొంచెం గట్టిగా ఉంది. కాబట్టి 快煮 అంటే ‘త్వరగా వండు’. బియ్యాన్ని ముందే అరగంట నానబెట్టి ఈ దీపంతో వండితే రెండో పరీక్ష అన్నానికి తేడా కనబడలేదు. మా ఇంట్లో ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది ఈ దీపాన్నే.

మీటరు లేనివారు నిరాశ పడనక్కరలేదు. ప్లేటు వెలిగినప్పుడు, ఆరినప్పుడు లోపలి రిలే టిక్కుమంటుంది. ప్యానెల్ దగ్గర చెవి పెట్టి మొదటి పది నిమిషాల్లో ఎన్ని టిక్కులు వచ్చాయో లెక్కిస్తే చాలు. పదేపదే వస్తే నానబెడుతున్నట్టు, ఒక్కటే వచ్చి ఊరుకుంటే త్వరగా వండుతున్నట్టు.

ఇప్పటిదాకా: బియ్యం 804 గ్రాములు. విద్యుత్తు 1.10 యూనిట్లు. గుర్తించిన పేర్లు 6/11.

## దశ 6: ఒకే బటన్, రెండు పనులు (8వ రోజు రాత్రి)

మూడో పరీక్ష ముగిశాక ప్యానెల్ మీద ఒక దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. చివరికి ధైర్యం చేసి 保温/取消 బటన్‌ను నొక్కాను. దీపం ఆరిపోయింది. గట్టిగా పడిందో లేదోనని మరోసారి నొక్కి, వెళ్లి పడుకున్నాను.

ఉదయం మూత తీస్తే మిగిలిన అన్నం అంచుల్లో పసుపురంగుకు తిరిగి, ఎండి, గిన్నెకు అట్టలాగా అతుక్కొని ఉంది. మీటరులో రాత్రంతా కలిపి 0.32 యూనిట్లు అదనంగా చేరాయి. తొమ్మిది గంటల్లో అంత అంటే సగటున సుమారు 35 వాట్లు, ఒక చిన్న బల్బు వెలిగినంత. అన్నంలో థర్మామీటరు గుచ్చితే 69 డిగ్రీలు ఉంది.

రెండు మాటల నడుమనున్న అడ్డగీతకు నేను విలువ ఇవ్వలేదు. ఆ బటన్ పని, అప్పుడు కుక్కరు ఏ స్థితిలో ఉందో దాన్ని బట్టి మారుతుంది.

1. ఏదైనా నడుస్తున్నప్పుడు నొక్కితే దానిని ఆపుతుంది.
2. ఏదీ నడవనప్పుడు నొక్కితే వెచ్చగా ఉంచడం మొదలుపెడుతుంది.

నేను మొదటిసారి నొక్కి ఆపాను, రెండోసారి నొక్కి మళ్లీ మొదలుపెట్టాను. సందేహం తీరేందుకు రెండోసారి నొక్కే అలవాటు మా ఇంట్లో అందరికీ ఉంది గనుక, ఈ బటన్ పక్కన “ఒక్కసారే” అని రాయాలని అప్పుడే నిర్ణయించాను.

వెచ్చగా ఉంచే ఉష్ణోగ్రతను మరో రెండుసార్లు కొలిస్తే 66కూ 71కీ మధ్య నిలిచింది. 60 డిగ్రీలకు పైన ఉన్నంతవరకు అన్నం పాడుచేసే సూక్ష్మజీవులు పెరగవు కాబట్టి ఆరోగ్యానికి భయం లేదు, కానీ నాలుగు గంటలు దాటితే రుచి నిలవదు.

ఇప్పటిదాకా: విద్యుత్తు 1.42 యూనిట్లు. గుర్తించిన పేర్లు 7/11.

## దశ 7: ‘అపాయింట్‌మెంట్’ బటన్ (10 నుంచి 14వ రోజు వరకు)

预约, 定时 అనే రెండు బటన్లు మిగిలాయి. ఏది నొక్కినా తెర మీద అంకెలే మారుతున్నాయి. బావమరిది ప్యానెల్ ఫోటోను తమ కర్మాగారంలో దుభాషిగా పనిచేసే అమ్మాయికి చూపించాడు. ఆమె పదకొండు పేర్లనూ వరుసగా చదివి చెప్పింది, అప్పటివరకు మేము తేల్చిన ఏడూ సరిపోయాయి. 消 అంటే ఇక్కడ రద్దు అని, నీటితో సంబంధం లేదని ఆమె నవ్వుతూ చెప్పిందట. 定时 అంటే నిర్ణీత సమయం అంది. 预约 గురించి మాత్రం, డాక్టరు దగ్గర ముందుగా చెప్పి పెట్టుకునే అపాయింట్‌మెంట్‌కు వాడే మాట అని చెప్పింది.

మాట అర్థమైంది, బటన్ అర్థం కాలేదు. ఎనిమిది గంటలకు అపాయింట్‌మెంట్ పెడితే కుక్కరు ఎనిమిది గంటల తరువాత వండడం మొదలుపెడుతుందా, లేక ఎనిమిది గంటలకల్లా వండి ముగిస్తుందా? ఈ రెండింటికీ నడుమ ముప్పావు గంట తేడా ఉంది, పొద్దున్నే కాలేజీ బస్సు ఎక్కే పిల్లలున్న ఇంట్లో అది చిన్న తేడా కాదు.

రాత్రంతా మేలుకోనవసరం లేకుండా పగలు చిన్న పరీక్ష పెట్టాను.

1. రెండు కప్పుల బియ్యం, 560 గ్రాముల నీళ్లు, మొదటి దీపం.
2. 预约 నొక్కి తెర మీద 2:00 తెప్పించి, 10:05కు 开始 నొక్కాను.
3. మీటరు 11:20 వరకు ఒక వాటు దగ్గరే ఉంది. అప్పుడు మొదటి టిక్కు వినిపించింది.
4. కూత 12:02కు వచ్చింది.

కాబట్టి అందులో పెట్టే సమయం ముగింపుకు, మొదలుకు కాదు. కుక్కరు వంటకు ముప్పావు గంట పడుతుందని అంచనా వేసి, ఆ మేరకు ముందుగా మొదలుపెడుతోంది. ఇది నా దగ్గరున్న మోడల్ విషయం. వేరే మోడల్‌లో లెక్క తిరగబడి ఉండవచ్చు గనుక, ఈ రెండు గంటల పరీక్షను ఎవరి కుక్కరుతో వారు చేసి చూసుకోవాలి.

అసలు ఇబ్బంది దీని తరువాత వచ్చింది. రాత్రి 9:30కు ఎనిమిది గంటలు పెట్టి పడుకున్నాము. తెల్లవారి అన్నం సమయానికి సిద్ధంగా ఉంది గానీ పుల్లని వాసన వేసింది. అప్పుడు మే నెల, వంటింట్లో రాత్రంతా 33 డిగ్రీలు. ఏడు గంటలకు పైగా ఆ వేడిలో నానిన బియ్యపు నీళ్లు పులవడం మొదలైంది. ఫ్రిజ్‌లోని చల్లని నీళ్లు పోసి మరో రాత్రి ప్రయత్నిస్తే వాసన తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇక మేము వేసవిలో నాలుగు గంటలకు మించి పెట్టడం మానేశాము.

定时 బటన్ సులువుగానే తేలింది. సమయం చూపే నాలుగు దీపాల దగ్గర మాత్రమే అది పనిచేస్తుంది, ఎంతసేపు వండాలో మార్చుతుంది. అన్నం దీపాల దగ్గర నొక్కితే ఏమీ జరగదు, ఎందుకంటే అక్కడ సమయాన్ని నిర్ణయించేది అడుగున ఉన్న బొడిపె.

ఇప్పటిదాకా: బియ్యం 1,608 గ్రాములు. విద్యుత్తు 2.07 యూనిట్లు. గుర్తించిన పేర్లు 9/11.

## దశ 8: గంజి, ఆవిరి, సూపు (15 నుంచి 18వ రోజు వరకు)

煲汤 అంటే సూపు. రెండు గంటలపాటు సన్నగా మరిగిస్తుంది. రసాన్ని అంతసేపు మరిగించే ఇల్లు మాది కాదు గనుక ఆ దీపాన్ని పక్కన పెట్టాము.

蒸煮 అంటే ఆవిరి మీద ఉడికించడం. దీనిలో ఒక మెలిక ఉంది. తెర మీద 0:20 కనిపిస్తుంది గానీ నీళ్లు మరిగేదాకా ఆ అంకె తగ్గదు, మరిగిన తరువాతనే లెక్క మొదలవుతుంది. మొదటిసారి అంకె కదలడం లేదని చెడిపోయిందనుకొని ఆపేశాను. చిలగడదుంపలు అందులో చక్కగా ఉడికాయి.

గంజి దీపంతో ఒక కప్పు బియ్యానికి 1,200 గ్రాముల నీళ్లు పోస్తే గంటన్నరకు పొంగకుండా, మెత్తగా వచ్చింది, విద్యుత్తు 0.33 యూనిట్లు. ఇది చూసి అమ్మకు సంగటి ఆలోచన వచ్చింది. ఆమె మాట మీద నీళ్లలో రాగిపిండిని ముందే కలిపి అదే దీపం పెట్టాను. పిండి అడుగుకు చేరి మందంగా పేరుకుపోయింది, వేడి పైకి రాలేక అడుగంటింది. గిన్నె పూత గీసుకుపోకుండా దానిని వదిలించడానికి రెండు పూటలు నానబెట్టాల్సి వచ్చింది. రెండోసారి క్రమం మార్చాము.

1. ఒక కప్పు నూకలు, 800 గ్రాముల నీళ్లతో గంజి దీపం, 定时 నొక్కి 1:00కు తగ్గించడం.
2. ముగిశాక 保温/取消 ఒక్కసారి నొక్కి ఆపడం.
3. గిన్నెను బయటికి తీసి, స్టవ్ మీద పాత పాత్రలోకి మార్చి, అక్కడ పిండి వేసి తెడ్డుతో కెలకడం.

మూడో మెట్టును కుక్కరు గిన్నెలోనే చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. తెడ్డు తగిలితే పూత లేచిపోతుంది.

ఇప్పటిదాకా: విద్యుత్తు 3.05 యూనిట్లు. గుర్తించిన పేర్లు 11/11.

## దశ 9: తెలుగు చీటీలు (20వ రోజు)

మొదట కాగితం మీద పేర్లు రాసి బటన్ల మీదనే అతికించి, పైన పారదర్శక టేపు వేశాను. టేపు ఒక పొర ఉన్నంతవరకు బటన్లు పనిచేశాయి, కాగితంతో కలిపి మందం పెరిగినచోట వేలిని గుర్తించడం మానేశాయి. పైగా మూతలోంచి వచ్చే ఆవిరికి మూడోరోజుకే అంచులు లేచాయి. రెండోసారి బటన్లను ముట్టుకోకుండా, వాటి పక్కనున్న ఖాళీలో పారదర్శక ప్లాస్టిక్ ముక్కల మీద చెరగని పెన్నుతో రాసి అతికించాను. పది రోజులైనా నిలిచి ఉన్నాయి.

చీటీల మీద మాటను అర్థం చూసి కాక, జరిగే పనిని చూసి రాశాము.

- 煮饭: అన్నం
- 快煮: నానిన బియ్యం, త్వరగా
- 煮粥: గంజి
- 煲汤: సూపు
- 蒸煮: ఆవిరి
- 热饭: చల్లన్నం వేడి
- 功能: ఏది కావాలి
- 预约: ఎన్ని గంటల్లో కావాలి
- 定时: ఎంతసేపు
- 开始: మొదలు
- 保温/取消: ఆపు (ఒక్కసారే)

చివరి చీటీలో ‘వెచ్చగా ఉంచు’ అనే అర్థాన్ని కావాలనే వదిలేశాను. వంట ముగిశాక కుక్కరు దానంతట అదే వెచ్చగా ఉంచుతుంది కాబట్టి, ఆ పనికి ఎవరూ బటన్ నొక్కవలసిన అవసరం రాదు. అమ్మ అన్ని చీటీలూ చదివి ఒక్క మార్పు చెప్పింది. మూడో దీపం దగ్గర ‘గంజి’ కొట్టేసి ‘సంగటి నూకలు’ అని ఆమే స్వయంగా రాసుకుంది.